పిల్లల్లేని జంటల కోసం ప్రసంగం సిద్ధం చేస్తున్నారా? హన్నా కథను 18వ వచనం దగ్గర ఆపండి

సంతానలేమి మీద, గర్భస్రావం మీద వాక్యం చెప్పాలి అనుకోగానే మనలో చాలామంది బైబిల్ తెరిచేది 1 సమూయేలు మొదటి అధ్యాయమే. మంచిదే, నేనూ అదే తీసుకోమంటాను. కానీ మనం ఆ కథను చివరి నుంచి మొదటికి చెబుతాం: సమూయేలు పుట్టాడు కదా, ఎందుకు పుట్టాడు, హన్నా ఏడ్చి ప్రార్థించింది కాబట్టి, అందుకని మీరూ అలాగే ప్రార్థించండి అని ముగిస్తాం. మూడో వరుసలో కూర్చున్న జంట ఆరేళ్లుగా చేస్తున్నది సరిగ్గా అదే. వాళ్లకు ఆ ప్రసంగంలో వినపడేది ఓదార్పు కాదు, "మీ ప్రార్థనలో ఏదో తక్కువైంది" అన్న మాట. పైగా వాళ్ల వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి ఇంకో సలహా దొరుకుతుంది, సర్వీస్ అయ్యాక వచ్చి ఇవ్వడానికి.

అదే అధ్యాయాన్ని 1 నుంచి 18 వరకే తీసుకుని జంటలను ఎలా ఓదార్చాలో, నోటికొచ్చింది అనేసే తోటి సభ్యులను నొప్పించకుండా ఎలా సరిదిద్దాలో వరసగా చెబుతాను. ప్రసంగం అరగంట అనుకోండి. దానికి ముందు చేయాల్సిన పని మాత్రం అరగంటలో అయ్యేది కాదు.

ముందు ఆదివారం చూసుకోండి

మదర్స్ డే వద్దు, క్రిస్మస్ నెల వద్దు, పసిపిల్లల ప్రతిష్ఠ ఉన్న ఆదివారం అసలే వద్దు. ఇంకొకటి, సంఘంలో ఎవరికైనా ఈమధ్యే గర్భస్రావం అయివుంటే, ఆ సంగతి అందరికీ తెలిసివుంటే, ఈ ప్రసంగాన్ని కొన్ని నెలలు వెనక్కి జరపండి. వాళ్ల కోసమే చెబుతున్నాం కదా అని మీకు అనిపించవచ్చు, కానీ మీరు వాక్యభాగం చదవగానే హాలంతా వాళ్లవైపు తిరుగుతుంది. ఆమె శరీరం కూడా ఇంకా కోలుకుని ఉండదు. రక్తస్రావం ఒకటి రెండు వారాలు సాగవచ్చు, నాలుగైదు నెలలు మోసి పోగొట్టుకున్న తల్లికి పాలు కూడా పడవచ్చు. అలాంటి మనిషిని అందరి చూపుల మధ్య కూర్చోబెట్టి ఓదార్చలేం. ముందు ఆ ఇంటికి మీరు వెళ్లాలి, ప్రసంగం ఆ తర్వాతి మాట.

వారం ముందే ప్రకటన చేయండి. పెద్దగా ఏమీ అక్కర్లేదు: "వచ్చే ఆదివారం వాక్యం పిల్లల కోసం ఎదురుచూస్తున్నవాళ్ల గురించి, కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల గురించి. వినడం కష్టమనిపిస్తే ఆ రోజు రాకపోయినా, మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు." గుమ్మం దగ్గర నిలబడే వాలంటీర్లకు విడిగా చెప్పండి, ఎవరైనా లేచి బయటికి వెళితే వెంటపడి "ఏమైంది సిస్టర్" అని అడగవద్దని.

రెండు ఇళ్లకు వెళ్లి వినండి

ప్రసంగం రాయడానికి ముందు, మీతో మాట్లాడటానికి ఇష్టపడే ఇద్దరు జంటల దగ్గరికి వెళ్లండి. ఒకరు అసలు గర్భమే నిలవక ఎదురుచూస్తున్నవాళ్లు, ఇంకొకరు గర్భం వచ్చి పోగొట్టుకున్నవాళ్లు అయితే మేలు, ఎందుకంటే ఈ రెండూ ఒక బాధ కాదు. మొదటివాళ్లకు ప్రతి నెలా ఆశ, ప్రతి నెలా దెబ్బ. రెండోవాళ్లకు ఒక బిడ్డ, ఒక డెలివరీ డేట్, ఆ డేట్ చుట్టూ అల్లుకున్న ఇల్లంతా ఉండి, ఒక రోజుతో పోయాయి.

అడగాల్సింది రెండే ప్రశ్నలు. "మన సంఘంలో మీతో అన్న మాటల్లో ఇప్పటికీ మనసులో ఉండిపోయింది ఏది?" "ఆ రోజు నేను ఏ మాట అనకపోతే మీకు బాగుంటుంది?" తర్వాత ఊరుకోండి, మధ్యలో వాక్యం ఎత్తకండి. భర్తను విడిగా కూడా కలవండి. అందరూ ఆయన్ని "మీ మిసెస్ ఎలా ఉన్నారు" అని అడిగేవాళ్లే, ఆయన ఎలా ఉన్నాడని అడిగినవాళ్లు ఉండరు. భార్య ముందు ఆయన నోరు విప్పడు, తనూ ఏడిస్తే ఆమె ఇంకా కుంగిపోతుందని.

మీరు వినేవి దాదాపు ఇవే అయ్యుంటాయి: "ఏమైనా విశేషమా?" "ఇంకెప్పుడు చెబుతారు శుభవార్త?" "ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకోండి." "పోనీలే, తొందరగా పోవడమే మంచిదైంది, నెలలు నిండాక పోతే ఇంకా కష్టం." "దేవుడికి ఆ బిడ్డ కావాల్సి వచ్చింది." "టెన్షన్ పెట్టుకోకండి, అదే అవుతుంది." "మా చుట్టాలావిడ ఒక పాపను పెంచుకుంది, వెంటనే ఆవిడకీ కడుపు వచ్చింది."

వీటిని రాసుకోండి గానీ ప్రసంగంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పకండి, అన్నవాళ్లు అక్కడే కూర్చుని ఉంటారు. ఇక ఆ జంటల కథను పేరు చెప్పకుండా కూడా వాడకండి. వంద మంది ఉన్న సంఘంలో "నాకు తెలిసిన ఒక జంట, పెళ్లయి ఏడేళ్లు" అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

వైద్యపరంగా మీరు తెలుసుకోవాల్సింది కొంచెమే, కానీ అది తప్పుల్లేకుండా తెలియాలి. ఏ గర్భనిరోధకం లేకుండా ఏడాది పాటు కాపురం చేసినా గర్భం రాకపోతే దాన్ని సంతానలేమి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. కారణం భార్యలోనే ఉండాలని లేదు, చాలా జంటల్లో భర్త వైపు నుంచి కూడా ఉంటుంది, కొన్నిసార్లు అటే ఉంటుంది. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 వరకు గర్భస్రావం అవుతాయి, వాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అలా తొలి నెలల్లో పోయేవాటిలో సుమారు సగానికి కారణం బిడ్డ క్రోమోజోముల్లో వచ్చిన తేడా, అంటే తల్లి చేసిన పనేదీ కాదు. బిందె ఎత్తడం వల్ల, మెట్లు ఎక్కడం వల్ల, ఆ రోజు భర్తతో గొడవపడటం వల్ల పోలేదు. ఈ ఒక్క వాక్యాన్ని ప్రసంగంలో తప్పకుండా చెప్పండి. లోలోపల తననే తిట్టుకుంటూ కూర్చున్న తల్లి ఒకరైనా అక్కడ ఉంటుంది, వాళ్ల అత్తగారు కూడా అక్కడే ఉండవచ్చు.

వాక్యభాగం: మూడు గొంతులు

1 సమూయేలు 1:1-18 నిదానంగా చదవండి. చదివాక మొదట చూపించాల్సింది ఒక చిన్న విషయం. హన్నాను సవతి పెనిన్నా గుచ్చింది ఇంట్లోనే అని మనం అనుకుంటాం, కానీ 7వ వచనం చెప్పేది ఏటేటా యెహోవా మందిరానికి వెళ్లినప్పుడల్లా అలా జరిగేదని. అంటే ఆమె గాయం రేగేది ఆరాధనకు వచ్చినప్పుడే. పిల్లలున్న ఇంట్లో ఒక్కొక్కరికీ బలిమాంసంలో పాళ్లు పంచే సమయం అది; పెనిన్నాకు, ఆమె కొడుకులకు, కూతుళ్లకు ఒక్కో పాలు వెళుతుంటే తన ముందు ఎన్ని ఉన్నాయో హన్నా చూస్తూ కూర్చోవాలి. "మన మధ్య కొందరికి వారంలో అన్నిటికంటే కష్టమైన రెండు గంటలు ఆదివారం ఈ హాల్లో గడిచేవే" అని మీరు అనగలిగితే, ఆ జంటలకు మీరు తమ గురించే మాట్లాడుతున్నారని అర్థమవుతుంది, మిగతావాళ్లు సర్దుకుని కూర్చుంటారు.

అక్కడి నుంచి హన్నా చుట్టూ వినపడే మూడు గొంతులను ఒక్కొక్కటిగా తీసుకోండి. దిద్దుబాటు అంతా ఇందులోనే అయిపోతుంది, మీరు ఎవరినీ వేలెత్తి చూపించక్కర్లేదు. గొంతులు బైబిల్లో ఉన్నవాళ్లవి, ఎవరి మాట వాళ్లే గుర్తుపట్టుకుంటారు.

మొదటిది పెనిన్నా. దీనిమీద ఎక్కువసేపు ఉండకండి. కావాలని ఎత్తిపొడిచేవాళ్లు సంఘంలో తక్కువ, వాళ్లు ప్రసంగంతో మారరు కూడా. రెండు నిమిషాల్లో దాటేయండి.

రెండోది హన్నా భర్త ఎల్కానా, ఇక్కడ ఆగండి. ఇతను చెడ్డవాడు కాదు. ఆమెను ప్రేమించాడు, రెండు పాళ్లు ఇచ్చేవాడు. కానీ 8వ వచనంలో వరసగా ఎన్ని ప్రశ్నలు వేశాడో చూడండి: ఎందుకు ఏడుస్తున్నావు, ఎందుకు తినడం లేదు, ఎందుకీ మనోవిచారం, పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కానా. ఆమె ఏం జవాబిచ్చిందో అక్కడ లేదు, జవాబు కోసం అతను ఆగినట్టు కూడా లేదు. పైగా అతనికి పెనిన్నా ద్వారా పిల్లలు ఉన్నారు. ఉన్నవాడు లేనిదాన్ని "నీకేం తక్కువ" అంటున్నాడు, ప్రేమతోనే. మన సంఘాల్లో నొప్పించే మాటల్లో ఎక్కువ భాగం ఈ బాపతే. దీన్ని ఇలా అనవచ్చు:

"ఎల్కానా హన్నాను బాధపెట్టాలని అనలేదు. ఆమె ఏడుపు చూడలేకపోయాడు. ఎదుటివాళ్ల ఏడుపు చూడలేనప్పుడు మనం ఏం చేస్తాం? దాన్ని చిన్నది చేసే మాట ఏదో ఒకటి వెతుకుతాం. పోనీలే, చిన్న వయసే కదా అంటాం. ఒక బిడ్డ ఉన్నాడుగా అంటాం. ఆ మాట వల్ల తేలికపడేది మనమే, వాళ్లు కాదు. ఈసారి మాట రాకపోతే రాలేదనే చెబుదాం. 'ఏమనాలో తెలియడం లేదమ్మా, కానీ నీ కోసం చాలా బాధగా ఉంది' అంటే సరిపోతుంది."

ఆ పేరాలో "మీరు" ఎక్కడా లేదు, "మనం" ఉంది. ఇంకా ముఖ్యంగా, అనకూడని మాట చెప్పి వదిలేయకుండా దాని బదులు ఏమనాలో కూడా ఉంది. "ఇలా అనకండి, అలా అనకండి" అని పది చెప్పి ఊరుకుంటే జనం భయపడి ఆ జంటలను తప్పించుకు తిరుగుతారు, అది ఇంకో రకం దెబ్బ.

మూడోది ఏలీ. యాజకుడు, ఆలయ గుమ్మం దగ్గర కూర్చున్నాడు, ఆమె పెదవులు కదలడం చూశాడు, గొంతు వినపడలేదు, తాగి వచ్చిందని తీర్పు ఇచ్చేశాడు. దీని చోటు "ఒప్పుకోని పాపం ఉందేమో" అనే మాట పక్కనే. ఇక్కడ లూకా 1:6, 7 ఒక్కసారి చదవండి: జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులు, నిరపరాధులు, వెంటనే తర్వాతి వచనంలో వాళ్లకు పిల్లలు లేరు. లూకా ఆ రెండు సంగతులను పక్కపక్కనే పెట్టి మధ్యలో ఏ వివరణా ఇవ్వలేదు. మీరూ ఇవ్వకండి.

అయితే ఏలీలో మనకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది, అందుకే ఇతన్ని చివరికి ఉంచమన్నాను. హన్నా "కాదు స్వామీ, నేను దుఃఖంలో ఉన్నదాన్ని, నా మనసు దేవుని ముందు కుమ్మరిస్తున్నాను" అని మర్యాదగానే ఎదురు చెప్పింది. ఏలీ వాదించలేదు, తన మాట సమర్థించుకోలేదు, ఎందుకు దుఃఖం, ఏం అడుగుతున్నావు అని కూడా అడగలేదు. క్షేమంగా వెళ్లు, నీ మనవి దేవుడు దయచేయును గాక అన్నాడు. వివరం తెలుసుకోకుండానే దీవించాడు. తెలుసుకునే హక్కు మనకు ఉందనుకునే సంఘంలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి. నొప్పించినవాళ్లకు కూడా ఇదే దారి: ఎవరైనా మీతో "ఆ మాట నన్ను బాధపెట్టింది" అంటే "నా ఉద్దేశం అది కాదు" అని పొడిగించకుండా "తప్పు నాదే" అని అక్కడితో ఆపడం. ఏలీ మాట ఆశీర్వాదమే, భవిష్యవాణి కాదని కూడా గమనించండి. అతనికి ఆమె మనవేమిటో కూడా తెలియదు.

దాటేయకూడని వచనం

5, 6 వచనాల్లో దేవుడే హన్నా గర్భాన్ని మూసినట్టు రెండుసార్లు ఉంది. మీరు దాని గురించి మాట్లాడకపోయినా ఆ జంటలు దాన్ని ఇప్పటికే వందసార్లు చదివి ఉంటారు. రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఎందుకు మూశాడో వాక్యం చెప్పలేదు, శిక్ష అని అసలే చెప్పలేదు. రెండు, ఆ కథలో ఎవరూ హన్నాతో "దేవుడే మూశాడు" అనలేదు, అది రచయిత మనకు చెప్పిన సంగతి, పక్కవాళ్లు ఆమె మొహం మీద అనడానికి ఇచ్చిన మాట కాదు. దీన్ని మించి వివరించే ప్రయత్నం చేస్తే జారిపోతారు.

అలాగే 11వ వచనంలో ఉన్న మొక్కుబడి. కొందరు జంటలు ఇప్పటికే దేవునితో బేరాలాడి అలసిపోయి ఉంటారు, బిడ్డనిస్తే సేవకే ఇస్తామని. హన్నా మొక్కుకుంది, అది ఆమె కథ, అందరికీ పనిచేసే సూత్రంగా దాన్ని ఎక్కడా చెప్పలేదు అని ఒక వాక్యంలో దాటండి. నిర్గమకాండము 23:26 కూడా, నీ దేశంలో కడుపు దిగబడేది, గొడ్డుది ఉండదన్న వాగ్దానం, చాలామంది గోడకు అంటించుకునే వచనమే. అది ఇశ్రాయేలు జనాంగంతో నిబంధన చేస్తూ చెప్పినది, ఒక్కో జంటకు ఒక్కో వైద్య ఫలితం రాసిచ్చినది కాదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండండి, ప్రసంగంలో ఎత్తక్కర్లేదు. మీ సొంత మాటల్లో మాత్రం "గొడ్రాలు" రానివ్వకండి, పాత అనువాదంలో ఉన్నా సరే.

గర్భస్రావం అయినవాళ్లకు విడిగా నాలుగు నిమిషాలు

హన్నా కథలో గర్భస్రావం లేదు. ఉన్నట్టు సాగదీయకుండా, "మీలో కొందరి బాధ హన్నాది కాదు, మీకు గర్భం వచ్చింది, మీ చేతికి బిడ్డ రాలేదు" అని మొదలుపెట్టి కీర్తన 139:16కు వెళ్లండి. నేను పిండంగా ఉన్నప్పుడే నీ కళ్లు నన్ను చూశాయి అన్న వచనం. ఎనిమిదో వారంలో పోయిన బిడ్డ గురించి ఆ తల్లిదండ్రులకు ఉన్న భయం ఏమిటంటే, ఎవరూ చూడలేదు కాబట్టి ఎవరి లెక్కలోనూ లేదని. స్కానింగ్‌లో మసక చుక్కలా కనపడింది తప్ప ఫొటో లేదు, పేరు లేదు, సమాధి లేదు, చాలామందికి చెప్పనే లేదు. దేవుడు చూశాడు అన్న ఒక్క మాట వాళ్లకు ఇవ్వండి.

అక్కడ ఆపేయండి. పరలోకంలో ఎదురుచూస్తోంది, దేవదూత అయింది లాంటివి కలపకండి. మీ సంఘం శిశువుల రక్షణ గురించి ఏమి నమ్ముతుందో అది స్పష్టంగా ఉంటే 2 సమూయేలు 12:23లో దావీదు తన బిడ్డ గురించి అన్న మాట చెప్పవచ్చు, లేకపోతే అదీ వద్దు. ఇంకో జాగ్రత్త. ఈ కీర్తన చేతిలోకి రాగానే గర్భం తీయించుకోవడం మీదకు మళ్లే అలవాటు మనకు ఉంది. ఈ రోజు మళ్లకండి. ఎప్పుడో అలా చేయించుకుని ఇప్పుడు గర్భం నిలవక కుమిలిపోతున్న సోదరి అక్కడే కూర్చుని ఉండవచ్చు, ఆమెకు రెండు వాక్యాల ఉరుము సరిపోదు, ఆమెతో గదిలో కూర్చుని మాట్లాడాలి. ఐవీఎఫ్ సరైనదా కాదా అన్నదీ అంతే, ఈ ప్రసంగంలో తేల్చేది కాదు.

18వ వచనం, అక్కడే ముగింపు

ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆ రోజు నుంచి దుఃఖముఖంగా ఉండటం మానింది. గర్భం వచ్చినట్టు చెప్పేది 20వ వచనం. అంటే ఆమె అన్నం తిన్న రోజుకి చేతిలో ఏమీ లేదు, కడుపులోనూ లేదు, పెనిన్నా అక్కడే ఉంది. మరి ఏం దొరికింది? తన మనసు దేవుని ముందు మొత్తం కుమ్మరించగలిగింది, ఒక మనిషి ఆమెను తప్పుగా అనుకుని కూడా మళ్లీ సరిగ్గా విన్నాడు. అంతవరకే చెప్పండి. "కాబట్టి మీరూ ఏడుపు మానండి" అని దీన్ని ఆజ్ఞగా మార్చకండి, ఏలీ మొదట చేసిన పని అవుతుంది అది. తర్వాత సమూయేలు పుట్టాడన్నది అందరికీ తెలుసు, మీరు దాచక్కర్లేదు. "ఆ తర్వాత ఏమైందో మనకు తెలుసు, కానీ ఈ రోజు మనం ఇక్కడే ఆగుదాం, ఎందుకంటే మనలో కొందరు ఇంకా ఇక్కడే ఉన్నారు" అనండి.

ప్రసంగం రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి. మీరు రాసిన ప్రతి ఓదార్పు వాక్యాన్నీ యాభై అయిదేళ్లు దాటిన, పిల్లలు లేని, ఇక పుట్టే అవకాశమూ లేని ఒక సోదరి వింటున్నట్టు ఊహించుకుని చదవండి. ఆమె ముందు అబద్ధమైపోయే వాక్యాలన్నీ కొట్టేయండి. "దేవుని సమయం వస్తుంది" పోతుంది. "ఆలస్యమే గానీ నిరాకరణ కాదు" పోతుంది, ఎంత బాగా పలికినా. "దేవుడు విన్నాడు" మిగులుతుంది. యెషయా 56:4, 5 మిగులుతుంది, పిల్లలు కలిగే దారే లేని నపుంసకులకు కొడుకులూ కూతుళ్లూ ఉన్నదానికంటే శ్రేష్ఠమైన పేరు తన ఇంట్లోనే ఇస్తానని దేవుడు అన్న చోటు. మిగిలినవాటితోనే ప్రసంగం కట్టండి, చిన్నదైనా ఫర్వాలేదు.

ప్రార్థన దగ్గర చెడగొట్టుకోకండి

ఇంత జాగ్రత్తగా చెప్పి చివర "పిల్లల్లేనివాళ్లు చేతులెత్తండి, ముందుకు రండి" అంటే అంతా పోయినట్టే. ఎవరినీ పిలవకండి, నిలబెట్టకండి, తలమీద చేతులు ఉంచకండి, "వచ్చే ఏడాది ఈపాటికి నీ ఒళ్లో బిడ్డ" అని ప్రకటించకండి. షూనేమీయురాలితో ఎలీషా ఆ మాట అన్నాడు, నిజమే, అప్పుడు ఆమె కూడా నాతో అబద్ధమాడవద్దనే అంది. అందరూ కూర్చున్నచోటే తలవంచుకుంటే ఒక నిమిషం మౌనం ఇచ్చి, అందరి తరఫున మీరే చిన్నగా ప్రార్థించండి. ఎదురుచూస్తున్నవాళ్ల కోసం, పోగొట్టుకున్నవాళ్ల కోసం, వయసు దాటిపోయినవాళ్ల కోసం, ఇప్పుడు గర్భంతో ఉండి భయపడుతున్నవాళ్ల కోసం, మాట జారినవాళ్ల కోసం. ఆ తర్వాత పాట మెల్లనిది పెట్టమని క్వయర్‌కి ముందే చెప్పండి, చప్పట్ల పాట వద్దు. దుఃఖంలో ఉన్నవాళ్ల ముందు పాటలు పాడటం గురించి చెప్పే సామెతలు 25:20 వాళ్లకు చూపిస్తే వెంటనే అర్థమవుతుంది. ఆ రోజు సాక్ష్యాల సమయం కూడా తీసేయండి. "మాకు పదేళ్లకు పుట్టాడు, స్తోత్రం" అని ఒకరు లేచారంటే మీ 18వ వచనం గాలికి పోతుంది.

లైవ్ ఉంటే కెమెరాను మీమీద తప్ప జనంమీద తిప్పవద్దనండి.

సర్వీస్ అయ్యాక: ఒక ఉదాహరణ

ఇలా అనుకుందాం. ఒక జంటకు పదో వారంలో గర్భస్రావం అయింది, ఏడాది కిందట. అప్పుడు సంఘంలో పెద్దావిడ ఒకరు, అందరికీ వండిపెట్టే మనిషి, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని "పోనీలేమ్మా, ఇంకా రూపం కూడా రాలేదు, చిన్నదానివే, మళ్లీ అవుతుంది" అంది. ఆ తర్వాత ఆ అమ్మాయి మహిళల కూడికకు రావడం మానేసింది. ఎందుకో పెద్దావిడకు తెలియదు, అమ్మాయి మీకు చెప్పింది. ప్రసంగంలో మీరు ఎల్కానా దగ్గర "చిన్న వయసే కదా అంటాం" అని మాత్రం అన్నారు, "రూపం కూడా రాలేదు" అన్న ముక్క కావాలనే వదిలేశారు, అది అంటే ఇద్దరూ బయటపడిపోతారు. కీర్తన 139:16 మాత్రం చదివారు.

సర్వీస్ అయ్యాక పెద్దావిడ మీ దగ్గరికి వచ్చి "పాస్టర్ గారూ, నేనూ అలాంటి మాటే అన్నానేమో ఒకమ్మాయితో" అంటుంది. ఇప్పుడు మీరు "అబ్బే, మీ గురించి కాదమ్మా" అనకండి, అబద్ధం. "అవును, ఆ అమ్మాయే నాతో చెప్పింది" అని కూడా అనకండి, నమ్మకద్రోహం. "మీకు అలా అనిపిస్తే వెళ్లి మాట్లాడండమ్మా, కానీ ఇక్కడ, అందరి ముందు వద్దు" అనండి. ఏం మాట్లాడాలో ఆవిడ అడుగుతుంది. "అప్పుడు నేను అలా అనకుండా ఉండాల్సిందమ్మా, నన్ను క్షమించు, అంతే చెప్పండి. తను ఏడిస్తే ఏడవనివ్వండి. ఎందుకన్నారో వివరించకండి, మళ్లీ ఎప్పుడు అని అడగకండి." ఆవిడకు ఇది చాలు, వంటకు పేరున్న మనిషి కాబట్టి ఏదో ఒకటి వండి పట్టుకెళుతుంది కూడా, ఆపకండి.

అదే ఆవిడ రాకపోతే, ఆ మాట ఇంకా ఇంకొందరితో అంటూ ఉంటే, అప్పుడు మీరే ఆవిడ దగ్గరికి వెళ్లాలి, మళ్లీ ప్రసంగం చేయడం కాదు. పుల్పిట్ నుంచి ఒకే విషయం మీద రెండోసారి సరిదిద్దితే అది ఎవరి గురించో హాల్లో అందరూ లెక్కలు కట్టడం మొదలుపెడతారు. ఆ జంట గురించి చెప్పకుండా, మీరు స్వయంగా విన్న మాట గురించే మాట్లాడండి. "మొన్న కూడికలో మీరు ఫలానా మాట అంటుంటే విన్నానమ్మా, దాని గురించి కాసేపు మాట్లాడొచ్చా" అని మొదలుపెట్టండి.

ఇక జంటల విషయం. ప్రసంగం తర్వాత వాళ్లలో కొందరు మీకు ఫోన్ చేస్తారు, కొందరు నెల రోజుల దాకా చేయరు, కొందరు ఎప్పటికీ చేయరు. మీకు తెలిసిన జంటల డెలివరీ డేట్, గర్భస్రావం అయిన డేట్ మీ ఫోన్ క్యాలెండర్లో పెట్టుకోండి, ఇతరులకు కనపడని పేరుతో. డాక్టర్ చెప్పిన డెలివరీ డేట్ వచ్చిన రోజు అందరూ మరిచిపోయి ఉంటారు, ఇల్లంతా మామూలుగా ఉంటుంది, ఆ ఇద్దరు మాత్రం మామూలుగా ఉండరు. ఆ ఉదయం భార్యాభర్తలిద్దరికీ విడివిడిగా ఒక మెసేజ్ పంపండి: "ఈ రోజు మీకు కష్టంగా ఉంటుందని గుర్తుంది. మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నాను. జవాబు ఇవ్వక్కర్లేదు." వచనం జత చేయకండి.